బిల్ సేవ్ కాలేదని పంపే స్క్రీన్‌షాట్‌లో ఏమేం కనపడాలి?

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర రొయ్యల మేత, మందుల షాపు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఈ వారం నుంచి షాపు కంప్యూటర్‌లో బిల్ సేవ్ కావట్లేదు, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో మాత్రం అవుతోంది. ఫోన్‌తో ఫోటో తీసి సపోర్ట్ వాళ్లకు వాట్సాప్‌లో పెడితే ప్రతిసారీ "వివరాలు సరిపోవు, సరైన స్క్రీన్‌షాట్ పంపండి" అంటున్నారు. సరైన స్క్రీన్‌షాట్ అంటే ఏంటి సార్? అందులో ఏమేం కనపడాలి?

సమాధానం:

ముందుగా ఒక మాట. షాపు కంప్యూటర్‌లో ఆ పేజీని రీఫ్రెష్ చేయకండి, ట్యాబ్ మూయకండి, క్రోమ్ తీసేసి మళ్లీ వేయకండి. స్క్రీన్‌షాట్ తీసి పంపాకే ఏదైనా చేయండి. షాపులో రాదు, ఇంట్లో వస్తుంది అన్నారు కదా, ఆ తేడాకు కారణం ఇప్పుడు తెరిచి ఉన్న ఆ ట్యాబ్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. రీఫ్రెష్ కొడితే సమస్య పోవచ్చు, కానీ ఆధారం కూడా దాంతోపాటే పోతుంది.

నేను నెల్లూరులో ఉంటూ చిన్న వ్యాపారాల సాఫ్ట్‌వేర్లకు సపోర్ట్, టెస్టింగ్ పని చేస్తుంటాను. అటువైపు కూర్చున్నవాళ్లు మీ ఫోటోలో ఏం వెతుకుతారో చెబితే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. వాళ్ల దగ్గర సర్వర్ లాగ్ ఉంటుంది. మీ షాపుతో పాటు వందల షాపులు చేసిన ప్రతి పనీ అందులో ఒక్కో వరుసగా పడి ఉంటుంది. మీ బిల్ ఆగిపోయిన వరుస కూడా అక్కడే ఉంది. స్క్రీన్‌షాట్ చేయాల్సిన పని ఒక్కటే, వాళ్లను ఆ వరుస దగ్గరికి చేర్చడం. ఎర్ర పట్టీ ఒక్కటే కనిపించే ఫోటో చూస్తే ఏదో తప్పు జరిగిందని తెలుస్తుంది, అంతకుమించి అడుగు ముందుకు పడదు.

మీ సమస్యను పోలిన కేసు ఒకటి కావలి వైపు ఒక మేత డీలర్ దగ్గర వచ్చింది. దాన్నే పట్టుకుని చెబుతాను. అక్కడి కుర్రాడు మొదట పంపింది ఫోన్‌తో తీసిన మానిటర్ ఫోటో. స్క్రీన్ మీద అలల్లాంటి గీతలు, పైన ట్యూబ్‌లైట్ మెరుపు, మధ్యలో ఎర్ర పట్టీ మీద ఈ మాటలు:

```
Could not save. Please try again.
```

ఈ వాక్యం ఆ సాఫ్ట్‌వేర్‌లో చాలా చోట్ల వస్తుంది. నెట్ పోయినా వస్తుంది, లాగిన్ గడువు అయిపోయినా వస్తుంది, సర్వర్ పడిపోయినా వస్తుంది. అందుకే సపోర్ట్‌లో ఉన్నవాళ్లు "నెట్ చూసుకోండి" అన్నారు. నెట్ బాగానే ఉంది. మర్నాడు మళ్లీ అదే ఫోటో, మళ్లీ అదే జవాబు. ఇద్దరికీ టెన్షన్ తప్ప పని జరగలేదు.

తర్వాత ఆ కుర్రాడికి ఫోన్ చేసి, ఎర్ర పట్టీ చివర చిన్న అక్షరాల్లో ఉన్న `Details` నొక్కమన్నాం. అప్పుడు కింద ఇది తెరుచుకుంది:

```
422 Unprocessable Entity
Field 'batch_no' is required
Request ID: 7f3c-91ab
```

అసలు ఎర్రర్ ఇదీ. పైన ఉన్న వాక్యం వాడేవాళ్ల కోసం రాసింది, కిందిది బాగుచేసేవాళ్ల కోసం రాసింది. మొదటి వరుసలోని అంకె ఒక్కటే సగం దారి చూపిస్తుంది. 4తో మొదలయ్యే అంకెలు వస్తే, సర్వర్ పనిచేస్తోంది గానీ మన వైపు నుంచి వెళ్లిన దాన్ని ఒప్పుకోలేదని లెక్క. 5తో మొదలైతే సర్వర్ వైపే తేడా. 422 అంటే పంపింది అర్థమైంది, కానీ అందులోని వివరాలు పనికిరావని. అంటే నెట్ బాగుంది, సర్వర్ బాగుంది, బిల్‌లో బ్యాచ్ నంబర్ లేదు. మూడో వరుసలోని రిక్వెస్ట్ ఐడీ ఇంకా విలువైనది. దాన్ని లాగ్‌లో వెతికితే నేరుగా మీ వరుసే దొరుకుతుంది. అలాంటి ఐడీ మీ స్క్రీన్ మీద ఎక్కడ కనిపించినా అది బొమ్మలో పడాల్సిందే.

కాబట్టి ఎర్రర్ కనపడగానే ఫోటో తీసేయకుండా, `Details`, `More`, `Show more` లాంటిది ఏదైనా ఉందేమో చూసి, తెరిచి, అప్పుడు తీయండి. బొమ్మతో పాటు ఆ అక్షరాలను కాపీ చేసి మెసేజ్‌లో కూడా పెట్టండి. బొమ్మలోని అక్షరాలను వెతకాలంటే అటువైపు వాళ్లు చూస్తూ మళ్లీ టైప్ చేయాలి, 1కి బదులు l పడిందంటే ఏమీ దొరకదు. బ్రౌజర్‌లో అయితే మౌస్‌తో లాగి కాపీ చేయొచ్చు. విండోస్‌లో వచ్చే మామూలు మెసేజ్ బాక్స్ అయితే మౌస్‌తో ఎంచడం కుదరదు, కానీ బాక్స్ ముందుకు ఉన్నప్పుడు Ctrl+C కొడితే దానిలోని మాటలన్నీ కాపీ అవుతాయి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూసుకోండి.

ఎర్రర్‌ను మీ మాటల్లో తెలుగులోకి మార్చి రాయకండి. "బ్యాచ్ నంబర్ అడుగుతోంది" అని రాస్తే మనకు బాగానే అర్థమవుతుంది. డెవలపర్ మాత్రం ప్రోగ్రామ్‌లో ఆ వాక్యం ఎక్కడ ఉందో అక్షరం అక్షరం వెతుకుతాడు. `Could not save` అన్నది ఒక చోటి నుంచి, `Save failed` అన్నది ఇంకో చోటి నుంచి రావచ్చు. సాఫ్ట్‌వేరే తెలుగులో ఉంటే ఆ తెలుగు వాక్యాన్నే ఉన్నది ఉన్నట్టు పంపండి.

ఇప్పుడు కావలి కేసులో చిక్కు ముడి. కుర్రాడు చెప్పిందేమిటంటే, "బ్యాచ్ నంబర్ రాయడానికి అసలు గడే లేదండీ, ఎక్కడ రాయాలి?" సపోర్ట్‌లోని మనిషి తన కంప్యూటర్‌లో అదే పేజీ తెరిస్తే గడి ఉంది. డీలర్ గారి ఇంట్లో తెరిచినా ఉంది. ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీన్ని తేల్చింది స్క్రీన్‌షాట్‌లో కింద మూల ఉన్న చిన్న అంకె. కుర్రాడు ఈసారి ఎర్ర పట్టీ ఒక్కటే కాకుండా స్క్రీన్ మొత్తం తీసి పంపాడు. పేజీ అడుగున `v5.8.2` అని ఉంది. సర్వర్ మీద అప్పటికే `v5.9.0` నడుస్తోంది. షాపు కంప్యూటర్‌ను రాత్రి ఆపరు, మూత వేసినట్టు స్లీప్‌లో పెడతారు, బిల్లింగ్ ట్యాబ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మధ్యలో కంపెనీ కొత్త వెర్షన్ పెట్టింది, అందులో మేత బస్తాకు బ్యాచ్ నంబర్ తప్పనిసరి చేసింది. ట్యాబ్‌లో ఉన్నది పాత ఫారం, అందులో గడి లేదు. సర్వర్ కొత్తది, గడి లేనిదే బిల్ తీసుకోదు. ఇంట్లో రోజూ కొత్తగా తెరుస్తారు కాబట్టి అక్కడ కొత్త ఫారం వచ్చింది.

ఇక్కడ రీఫ్రెష్ కొట్టి ఉంటే బిల్ సేవ్ అయ్యేది. క్రోమ్ తీసేసి మళ్లీ వేసినా అయ్యేది, అప్పుడు అందరూ "క్రోమ్ పాడైంది" అనుకునేవారు. తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ ఇదే గొడవ, ఆ షాపులోనే కాదు, ట్యాబ్ మూయని ప్రతి షాపులో. అసలు లోపం కుర్రాడిదీ కాదు, క్రోమ్‌దీ కాదు. పాత పేజీ తాను పాతబడ్డానని చెప్పకపోవడం. వెర్షన్ కనిపించిన ఆ ఒక్క బొమ్మ వల్ల కంపెనీ ఆ సంగతి గుర్తించి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పేజీ పైన "రీఫ్రెష్ చేయండి" అని చూపించే ఏర్పాటు చేసింది.

మీ సమస్య కూడా ఇదేనని నేను ఇక్కడి నుంచి తేల్చి చెప్పలేను. కానీ షాపులో, ఇంట్లో రెండు చోట్లా ఒకే పేజీ తెరిచి రెండు స్క్రీన్‌షాట్లు తీయండి, వెర్షన్ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వేరుగా ఉంటే దాదాపు దారి దొరికినట్టే. ఒకటే అయితే కారణం ఇంకెక్కడో ఉంది, అది తెలిసినా సపోర్ట్ వాళ్లకు లాభమే.

వెర్షన్ పేజీ అడుగున లేకపోతే `Help` లేదా `About` మెనూలో ఉంటుంది. దాన్ని తెరిచి ఇంకో స్క్రీన్‌షాట్ తీయాలి. అయితే మీ కేసులో జాగ్రత్త, అదే ట్యాబ్‌లో ఉన్న మెనూ నుంచే తెరవండి. వేరే ట్యాబ్‌లో తెరిస్తే కొత్త పేజీ వచ్చి కొత్త అంకె చూపిస్తుంది, అప్పుడు బొమ్మే తప్పుదారి పట్టిస్తుంది. బ్రౌజర్ వెర్షన్ కోసం మాత్రం కొత్త ట్యాబ్ తెరిచి అడ్రస్ దగ్గర ఇది టైప్ చేయొచ్చు, దాని వల్ల పాత ట్యాబ్‌కు ఏమీ కాదు:

```
chrome://version
```

"లేటెస్ట్ వెర్షనే వాడుతున్నాం" అని మాత్రం రాయకండి. కావలి కుర్రాడూ అలాగే అనుకున్నాడు, అతను అనుకోవడంలో తప్పేమీ లేదు. అంకె కనిపిస్తే ఆ అనుమానానికే తావుండదు.

టైమ్ గురించి. విండోస్‌లో కింద కుడివైపు గడియారం ఉంటుంది కదా, అది బొమ్మలో పడేలా పూర్తి స్క్రీన్ తీయండి. Windows+Shift+S కొట్టి, పైన వచ్చే పట్టీలో ఫుల్ స్క్రీన్ ఎంచుకుంటే చాలు. విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్ బొమ్మను తనంతట తానే దాచుకున్నప్పుడు ఫైల్ పేరులోనే తేదీ, టైమ్ సెకన్లతో సహా పెడుతుంది:

```
Screenshot 2025-07-06 114210.png
```

అంటే జూలై 6, ఉదయం 11 గంటల 42 నిమిషాల 10 సెకన్లు. ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు, కాబట్టి పేరు మార్చకండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ పేరు పోతుంది, బొమ్మ కూడా నలిగి చిన్న అక్షరాలు చెదిరిపోతాయి. అందుకే అటాచ్ చేసేటప్పుడు గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ అన్న దారిలో పంపండి. ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

మెసేజ్‌లో తేదీ రాసేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాయండి. 06/07 అంటే మనకు జూలై 6, అమెరికా లెక్కలో చూసేవాళ్లకు జూన్ 7. టైమ్ పక్కన భారత కాలమానం అని కూడా పెట్టండి. చాలా సర్వర్లు తమ లాగ్‌లను యూటీసీలో రాస్తాయి, అది మనకన్నా ఐదున్నర గంటలు వెనుక. మీ 11:42 అక్కడ 06:12. ఆక్వా షాపుల్లో తెల్లవారుజామునే లోడ్లు వెళతాయి కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఉదయం 4:40కి కొట్టిన బిల్ లాగ్‌లో ముందు రోజు తేదీతో 23:10 దగ్గర ఉంటుంది. టైమ్ ఏ దేశానిదో తెలియకపోతే వాళ్లు తప్పు రోజున వెతికి "మా దగ్గర ఎర్రర్ ఏమీ లేదు" అంటారు.

షాపు కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందో లేదో ఫోన్‌తో ఒకసారి పోల్చుకోండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైమ్ ఎక్కడికో పోతుంది. తేడా ఉంటే సరిచేసే ముందు, "బొమ్మలో గడియారం 20 నిమిషాలు వెనక ఉంది" అన్నట్టు ఎంత తేడా ఉందో రాసి పంపండి.

ఇక స్టెప్పులు. "బిల్ కొడుతుంటే సేవ్ కావట్లేదు" అని ఒక్క వాక్యం రాస్తే, అటువైపు మనిషి తనకు తోచిన దారిలో బిల్ కొడతాడు, అతనికి సేవ్ అవుతుంది. మీరు నడిచిన దారినే అతనూ నడవాలంటే ఒక్కో వరుసలో ఒక్క పని మాత్రమే ఉండాలి. కావలి నుంచి చివరికి వచ్చిన రిపోర్ట్ ఇలా ఉంది, షాపు వివరాలు తీసేసి ఇస్తున్నాను:

1. నిన్నటి నుంచి తెరిచే ఉన్న ట్యాబ్. మళ్లీ లాగిన్ కాలేదు. యూజర్: కౌంటర్ సిబ్బంది, ఓనర్ లాగిన్ కాదు.
2. ఎడమవైపు `Sales` నొక్కాను, తర్వాత `New Bill` నొక్కాను.
3. పాత కస్టమర్‌ను లిస్ట్‌లోంచి ఎంచుకున్నాను.
4. మేత బస్తా ఐటమ్ ఎంచుకుని, సంఖ్య 10 అని కొట్టాను. బ్యాచ్ నంబర్ గడి కనపడలేదు.
5. `Save` నొక్కాను. వెంటనే ఎర్ర పట్టీ వచ్చింది. బొమ్మ ఇక్కడ తీసింది.

రావాల్సింది: బిల్ నంబర్ వచ్చి ప్రింట్ పేజీ తెరుచుకోవాలి. వచ్చింది: ఎర్ర పట్టీ, బిల్ నంబర్ లేదు. మేత ఐటమ్ పెట్టిన ప్రతిసారీ వస్తోంది. మందులు ఒక్కటే పెడితే బిల్ సేవ్ అవుతోంది.

ఆ చివరి వాక్యం చూడండి. మందులు మాత్రమే పెడితే సేవ్ అవుతోందన్న ఆ మాటతో నెట్, లాగిన్, ప్రింటర్ అన్నీ ఒకేసారి అనుమానంలోంచి బయటికి వెళ్లిపోయాయి. మీరూ ఒక్కటే ఒక్కటి మార్చి చూడండి. కస్టమర్ అదే ఉంచి ఐటమ్ మార్చండి, తర్వాత ఐటమ్ అదే ఉంచి కస్టమర్‌ను మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల తేడా వచ్చిందో తెలియదు. మొదటి స్టెప్పు కూడా అంతే కీలకం. ట్యాబ్ నిన్నటి నుంచి తెరిచి ఉందన్న సంగతి ఎవరూ అడగకుండానే రాశాడు, వెర్షన్ తేడాకు కారణం అక్కడే ఉంది. చాలామంది `New Bill` దగ్గర మొదలుపెడతారు, అంతకుముందు జరిగిందంతా వదిలేస్తారు.

బొమ్మ మీద కూడా స్టెప్పుల అంకెలే వేస్తే చదివేవాళ్లకు సులువు. 4 దగ్గర లేని గడి చోటు, 5 దగ్గర `Save` బటన్, అంతే. బాణాలు, వృత్తాలు నింపేస్తే కింద ఉన్న అక్షరాలు మూసుకుపోతాయి. ఏ గుర్తూ ఎర్రర్ మాటల మీదా, వెర్షన్ మీదా, గడియారం మీదా పడకూడదు. గుర్తులు లేని అసలు బొమ్మను కూడా పక్కన జత చేయండి.

రైతుల ఫోన్ నంబర్లు, బాకీలు, బ్యాంకు ఖాతాలు కనిపిస్తే దాచాల్సిందే. అయితే నిండుగా నల్ల డబ్బా పెట్టి దాచండి. ఫోన్‌లోని హైలైటర్ పెన్నుతో నల్లగా గీస్తే పైకి కనపడదు గానీ, వెలుతురు పెంచి చూస్తే కింది అంకెలు బయటపడతాయి, ఆ పెన్ను పారదర్శకంగా ఉంటుంది కాబట్టి. కత్తిరించడం మీద కూడా పూర్తి నమ్మకం పెట్టుకోకండి. పిక్సెల్ ఫోన్ల ఎడిటర్‌లో, విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో కత్తిరించిన భాగం ఫైల్ లోపల మిగిలిపోయే లోపం ఉందని 2023లో బయటపడింది. వాటిని సరిచేశారు, అయినా అప్‌డేట్ చేయని కంప్యూటర్లు ఉంటూనే ఉంటాయి. దీనికన్నా మంచి పద్ధతి, వీలైతే "టెస్ట్ కస్టమర్" అని ఒక ఖాతా పెట్టి దాని మీదే బిల్ కొట్టి బొమ్మ తీయడం. దాచాల్సిన పనే ఉండదు. బిల్ నంబర్, రిక్వెస్ట్ ఐడీ మాత్రం దాచకండి, వాటితోనే వెతుకుతారు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఏ బొమ్మలోనూ ఉండకూడదు, సపోర్ట్ వాళ్లు అడిగినా సరే.

మీ ఎర్ర పట్టీ రెండు మూడు సెకన్లలో మాయమైపోయే రకం అయితే స్నిప్పింగ్ టూల్‌లో ఆలస్యం పెట్టుకునే వీలుంది. 3 సెకన్లు పెట్టి, `New` నొక్కి, వెంటనే వెళ్లి `Save` నొక్కండి. పట్టీ ఉండగానే బొమ్మ పడుతుంది. ఎర్రరే రాకుండా పేజీ బిగుసుకుపోయి తిరుగుతూనే ఉంటే మాత్రం స్క్రీన్‌షాట్‌తో ఉపయోగం తక్కువ, ఎంతసేపు ఆగిందో ఒక్క బొమ్మలో తెలియదు కదా. అలాంటప్పుడు విండోస్ 11లో అదే టూల్‌తో వీడియో రికార్డ్ చేయండి, `Save` నొక్కిన దగ్గర్నుంచి ఒక నిమిషం చాలు, గడియారం కనపడేలా.

ఇప్పుడు మీరు చేయాల్సింది షాపు ట్యాబ్‌ను కదిలించకుండా ఒక బిల్ కొట్టి, `Details` తెరిచి, పూర్తి స్క్రీన్ తీసి, స్టెప్పులతో కలిపి డాక్యుమెంట్‌గా పంపడం. బిల్లులు ఆగిపోతే వ్యాపారం ఆగుతుంది కాబట్టి, వాళ్ల జవాబు వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. బొమ్మ వెళ్లాక Ctrl+F5 కొట్టి చూడండి, సేవ్ అయితే పని కానిచ్చుకోండి. "రీఫ్రెష్ చేశాక సేవ్ అయింది, ఇప్పుడు వెర్షన్ ఇది" అని అదే మెసేజ్ కింద ఇంకో పూర్తి బొమ్మ జత చేయండి. ముందు ఒకటి, తర్వాత ఒకటి రెండూ చేతికొస్తే వాళ్లు మిమ్మల్ని మళ్లీ వివరాలు అడగాల్సిన పని ఉండదు. అప్పటికీ సేవ్ కాకపోతే ఆ ఎర్రర్ మాటలు, రెండు వెర్షన్ అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.